జీఎస్టీ బరువు ఎవరి మీద ఎక్కువ? రెండు ఇళ్ల లెక్క

తెలంగాణలో గానీ ఆంధ్రప్రదేశ్‌లో గానీ జీతగాళ్ల పే స్లిప్ తీసి చూస్తే కోతల వరుసలో ‘పీటీ 200’ అని ఉంటుంది. అది వృత్తి పన్ను. నెల జీతం 15 వేల దాకా ఉంటే ఈ పన్ను లేదు. 15 వేలు దాటి 20 వేల దాకా అయితే 150 రూపాయలు, 20 వేలు దాటితే 200. అక్కడితో సరి. షోరూంలో 21 వేల జీతానికి నిలబడే సేల్స్‌మన్ ఎంత కడతాడో, 3 లక్షల జీతం తీసుకునే మేనేజరూ అంతే కడతాడు. సేల్స్‌మన్‌కు అది జీతంలో దాదాపు ఒక శాతం. మేనేజరుకు 1,500 వంతుల్లో ఒక వంతు. ఈ పన్ను ఏడాదికి 2,500 రూపాయలు దాటకూడదని రాజ్యాంగం 276వ అధికరణంలోనే ఉంది. ఆ పరిమితి 1988లో పెట్టింది.

ఆదాయం పెరిగేకొద్దీ ఆదాయంలో పన్ను వాటా తగ్గిపోతే దాన్ని తిరోగామి పన్ను అంటారు. వాటా పెరుగుతూ పోతే పురోగామి పన్ను. మన ఆదాయపు పన్ను రెండో రకం. కొత్త విధానంలో మొదటి 4 లక్షల మీద ఏమీ లేదు, ఆ తర్వాత 5 శాతంతో మొదలై మెట్లు మెట్లుగా పెరుగుతూ 24 లక్షలు దాటిన భాగం మీద 30 శాతానికి చేరుతుంది. 12 లక్షల లోపు ఆదాయం ఉంటే రిబేటు పుణ్యమా అని కట్టాల్సింది సున్నా. ఈ రెంటి విషయంలో ఎవరికీ పేచీ లేదు, చూడగానే తెలిసిపోతాయి. పేచీ అంతా అమ్మకపు పన్ను దగ్గరే. కొట్లో కొనే సబ్బు మీద, బంకులో పోయించుకునే పెట్రోలు మీద వేసే పన్ను కొనేవాడి జీతం ఎంతో అడగదు. అందుకే జీఎస్టీ పేదల నడ్డి విరుస్తోందని ఒకరు, పేదలు కొనే సరుకుల మీద పన్నే లేదు కదా అని ఇంకొకరు. టీవీ చర్చల్లో ఇద్దరూ గొంతు చించుకుంటారు గానీ ఒక ఇంటి నెల ఖర్చు పట్టీ తీసి వరుసగా లెక్క కట్టేవాళ్లు తక్కువ. ఆ పని ఇక్కడ చేద్దాం.

హైదరాబాద్‌లో రెండు కుటుంబాలు అనుకుందాం. రెండింటిలోనూ నలుగురేసి. అంకెలు నేను వేసుకున్నవే. ఏ సర్వేలోంచి తెచ్చినవీ కావు. కానీ నగరంలో ఇల్లు నడిపేవాళ్లకు ఇవి ఎక్కడో చూసినట్టే ఉంటాయి. పన్ను రేట్లు మాత్రం 2025 సెప్టెంబర్ 22 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త జీఎస్టీ ప్రకారం తీసుకున్నాను.

మొదటి ఇంట్లో భర్త సెక్యూరిటీ గార్డు, భార్య రెండు ఇళ్లలో పనిచేస్తుంది. ఇద్దరిదీ కలిపి నెలకు 18 వేలు. వచ్చింది వచ్చినట్టే అయిపోతుంది, మిగిలేది లేదు. బియ్యం రేషన్ షాపులో మనిషికి 6 కిలోల చొప్పున ఉచితంగా వస్తాయి. ఇంటద్దె 5 వేలు, దాని మీద జీఎస్టీ లేదు. కూరగాయలు, పాలు, గుడ్లు, విడిగా తూకం వేసే పప్పు కలిపి 4 వేలు, వీటి మీదా లేదు. పిల్లల ఫీజుకు 1,200, కరెంటుకు 500, బస్సుకూ ఆటోకూ కలిపి 800 పోతాయి. వీటి మీద కూడా లేదు. అంటే 18 వేలలో 11,500 రూపాయల మీద జీఎస్టీ పడదు.

మిగతా దాంట్లో నూనె, చక్కెర, టీ పొడి, మసాలాలు, ప్యాకెట్ సరుకులు, బిస్కెట్లకు 2,400 అవుతుంది. వీటి మీద 5 శాతం. బిల్లులో పన్ను కలిసే ఉంటుంది కాబట్టి అందులో పన్ను 114 రూపాయలు. ఒంటి సబ్బు, టూత్‌పేస్టు, కొబ్బరి నూనె, షాంపూలకు 400, పన్ను 19. బట్టల పౌడర్ లాంటివి 300, వీటి మీద ఇంకా 18 శాతమే ఉంది, పన్ను 46. గ్యాస్ బండను నెలకు పంచితే 600, పన్ను 29. ఇద్దరి ఫోన్ రీచార్జీలు 600, రేటు 18 శాతం, పన్ను 92. బట్టలు, చెప్పులకు నెల సగటు 700, పన్ను 33. మందుల షాపులో 500, పన్ను 24. అన్నీ కలిపితే జీఎస్టీ 357 రూపాయలు. 18 వేలలో దాదాపు 2 శాతం. గొంతు చించుకున్నంత లేదనిపిస్తుంది.

కానీ పట్టీలో ఇంకో వరుస మిగిలింది. భర్త నైట్ డ్యూటీకి పాత బండి మీద వెళ్తాడు. నెలకు వెయ్యి రూపాయల పెట్రోలు. పెట్రోలు జీఎస్టీలో లేదు. కేంద్రం లీటరుకు ఇంత అని ఎక్సైజ్ సుంకం వేస్తుంది, దాని పైన రాష్ట్రం వ్యాట్ వేస్తుంది. తెలంగాణలో ఆ వ్యాట్ 35.2 శాతం. 2025లో హైదరాబాద్‌లో లీటరు 107 రూపాయల చిల్లర ఉన్నప్పుడు అందులో రాష్ట్రం వాటా దాదాపు 28, కేంద్రం వాటా దాదాపు 22 రూపాయలు. సగానికి కాస్త తక్కువ. వెయ్యికి 450 అని వేసుకుందాం. నెలంతా కొన్న సబ్బులు, నూనెలు, మందులు, రీచార్జీలు, బట్టలు అన్నిటి మీదా కట్టిన జీఎస్టీ కన్నా ఈ ఒక్క వెయ్యి రూపాయల పెట్రోలు మీద కట్టిందే ఎక్కువ. రెండూ కలిపితే 807 రూపాయలు, ఆదాయంలో 4.5 శాతం.

రెండో ఇల్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగిది. ఒక్కరి సంపాదనే, నెలకు 3 లక్షలు. ఏడాదికి 36 లక్షలు. స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు తీసేసి కొత్త విధానంలో లెక్క కడితే సెస్‌తో కలిపి ఆదాయపు పన్ను 6 లక్షల 63 వేలు, అంటే నెలకు 55,250. ఇంటి ఖర్చు లక్షా 30 వేలు. మిగిలిన లక్షా 14 వేల చిల్లర ఫ్లాట్ ఈఎంఐకీ సిప్‌లకూ పోతుంది. ఖర్చులో స్కూలు ఫీజులు, కూరగాయలు, పాలు, పండ్లు, పనిమనిషి, డ్రైవర్ జీతాలు, కరెంటు, డాక్టరు, హెల్త్ ఇన్సూరెన్స్ కలిపి 75 వేలు. వీటి మీద జీఎస్టీ లేదు. వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద ఉన్న 18 శాతాన్ని కూడా 2025 సెప్టెంబర్‌లో తీసేశారు. సూపర్ మార్కెట్ సరుకులు, బట్టలు, హోటల్ భోజనాలు, మందులు 30 వేలు, 5 శాతం చొప్పున పన్ను దాదాపు 1,430. ఇంటర్నెట్, ఫోన్లు, ఓటీటీ, ఎలక్ట్రానిక్స్, కారు సర్వీసింగ్ 17 వేలు, 18 శాతం చొప్పున పన్ను 2,593. కారు పెట్రోలు 8 వేలు, పన్ను 3,600. జీఎస్టీ 4,023, పెట్రోలు పన్నుతో కలిపి 7,623 రూపాయలు.

ఇప్పుడు రెండు ఇళ్లనూ పక్కపక్కన పెట్టండి. చేసిన ఖర్చులో పన్ను ఎంత అని చూస్తే గార్డు ఇంట్లో 4.5 శాతం, సాఫ్ట్‌వేర్ ఇంట్లో 5.9 శాతం. పెద్ద ఇంటి మీదే ఎక్కువ, కాబట్టి ఇది పురోగామి పన్ను. వచ్చిన ఆదాయంలో ఎంత అని చూస్తే గార్డు ఇంట్లో అదే 4.5 శాతం, సాఫ్ట్‌వేర్ ఇంట్లో 2.5 శాతం. చిన్న ఇంటి మీదే ఎక్కువ, కాబట్టి తిరోగామి పన్ను. పెట్రోలు పక్కన పెట్టి జీఎస్టీ ఒక్కటే చూసినా కథ ఇంతే. ఖర్చులో చూస్తే 2 శాతానికి ఎదురుగా 3.1 శాతం. ఆదాయంలో చూస్తే 2 శాతానికి ఎదురుగా 1.3 శాతం. ఒకే పట్టీ, ఒకే పన్ను, రెండు జవాబులు. చర్చల్లో ఇద్దరూ తమ అంకెలే నిజమని కొట్టుకోవడానికి కారణం ఇదే. ఇద్దరి దగ్గరా నిజాలే ఉన్నాయి, కాకపోతే కింద వేసుకున్న హారం వేరు.

ఈ తేడా ఎక్కడి నుంచి వస్తోంది? గార్డు కుటుంబం సంపాదనంతా ఖర్చు చేస్తుంది కాబట్టి దాని మొత్తం ఆదాయం అమ్మకపు పన్ను వల కిందే ఉంటుంది. రెండో ఇంట్లో 3 లక్షల్లో సగానికి పైగా ఆ వల కిందికే రాదు. మ్యూచువల్ ఫండ్ యూనిట్లకు జీఎస్టీ లేదు, స్థలానికి లేదు. లక్ష రూపాయల బంగారం కొంటే 3 శాతం ఉంది. బట్టలుతికే పౌడర్ మీద 18 శాతం ఉన్న దేశంలో బంగారం మీద 3 శాతం ఎందుకో నాకు ఎప్పుడూ మింగుడుపడదు. ఎక్కువ వేస్తే దొంగ బంగారం పెరుగుతుందని అధికారులు చెప్పే మాటలో నిజం లేకపోలేదు.

దాచుకున్న డబ్బు కూడా ఏదో ఒక రోజు ఖర్చు చేస్తారు కదా, పన్ను అప్పుడు పడుతుంది, కాబట్టి జీవితం మొత్తం మీద చూడాలి, ఈ నెల ఆదాయంతో పోల్చకూడదు అని కొందరు ఆర్థికవేత్తలు అంటారు. ఆ వాదనలో పస ఉంది. ముప్పై ఏళ్లప్పుడు దాచి అరవై ఏళ్లప్పుడు తినే మధ్యతరగతి మనిషికి ఆ లెక్కే న్యాయం. కానీ బాగా ఉన్న ఇళ్లలో దాచింది మొత్తం తినేయరు. కొంత స్థలంగా, కొంత షేర్లుగా పిల్లల చేతికి వెళ్తుంది. ఆ చేతులు మారే చోట పన్ను వేసే ఎస్టేట్ డ్యూటీని మనం 1985లోనే ఎత్తేశాం. 1957 నుంచి ఉన్న సంపద పన్నును 2015 బడ్జెట్‌లో తీసేశారు. అది వసూలు చేయడానికి అయ్యే శ్రమకు తగ్గ రాబడి లేదన్నారు. కాబట్టి ‘ఏదో ఒక రోజు’ అన్న ఆ రోజు చాలా కుటుంబాల్లో రాకుండానే పోతుంది. అందుకే ఆదాయంతో పోల్చే లెక్క వైపే నేను ఉంటాను.

అయితే ఆ లెక్క వైపు ఉన్నంత మాత్రాన ఏ అంకె దొరికితే ఆ అంకె పట్టుకుని ఊగకూడదు. జీఎస్టీలో దాదాపు 64 శాతం దేశంలోని అడుగు సగం జనం నుంచే వస్తోందని, పై 10 శాతం మంది కట్టేది 3 శాతమేనని ఆక్స్‌ఫామ్ అనే స్వచ్ఛంద సంస్థ 2023లో చెప్పింది. ఆ మాట నేటికీ పోస్టర్లలో, ఉపన్యాసాల్లో తిరుగుతోంది. ఇది జరిగే పని కాదని కాగితం, పెన్ను ఉంటే చాలు, తేలిపోతుంది. తక్కువ ఖర్చు చేసే సగం జనం మొత్తం ఖర్చులో సగం కూడా చేయలేరు, చేస్తే వాళ్లు అడుగు సగం అవరు. పైగా వాళ్ల ఖర్చులో పన్ను లేని తిండి, 5 శాతం సరుకులే ఎక్కువ. సగం కన్నా తక్కువ ఖర్చు చేస్తూ, తక్కువ రేటు సరుకులు కొంటూ, మొత్తం పన్నులో మూడింట రెండొంతులు ఎలా కడతారు? ప్రభుత్వ గృహ వినియోగ సర్వే 2023-24 ప్రకారం పల్లెల్లో అట్టడుగు 5 శాతం మంది నెలసరి ఖర్చు తలకు 1,677 రూపాయలు, పట్నాల్లో పై 5 శాతం మందిది 20,310. ఆ పైవాళ్లు దాదాపు పన్నెండు రెట్లు ఖర్చు చేస్తున్నారు. రూపాయల్లో చూస్తే జీఎస్టీ ఖజానా నింపేది పైవాళ్లే. కిందివాళ్లు కట్టే రూపాయలు తక్కువే, కాకపోతే వాళ్ల దగ్గర ఉన్న దాంట్లో వాటా ఎక్కువ. ఈ రెండు ముక్కలూ కలిపి చెప్పకపోతే వాదన నిలబడదు, ఎదుటివాడు ఒక్క ప్రశ్నతో పడగొడతాడు.

ఇక నా పట్టీలో ఉన్న లోపం సంగతి. గార్డు ఇంట్లో 11,500 రూపాయల మీద పన్ను సున్నా అని రాశాను. బిల్లు మీద సున్నానే. ధరలో మాత్రం సున్నా కాదు. మదనపల్లెలో టమాటా పండించే రైతు కొనే రసాయన పురుగుమందు మీద 18 శాతం జీఎస్టీ ఉంది, ఎరువు మీద 5 శాతం ఉంది. కంపెనీ అయితే తాను కట్టిన పన్నును తన అమ్మకం పన్నులో తగ్గించుకుంటుంది. రైతు పంట మీద పన్ను లేదు కాబట్టి అతనికి తగ్గించుకునే దారి లేదు. ఆ పన్ను అతని పెట్టుబడిలో కలిసిపోతుంది. ఆ టమాటా బోయిన్‌పల్లి మార్కెట్‌కు వచ్చే లారీలో డీజిల్ ఉంది, దాని మీద రెండు ప్రభుత్వాల పన్నూ ఉంది. ఇంటద్దె మీద పన్ను లేదు, కానీ ఆ ఇల్లు కట్టిన సిమెంటు మీద 2025 సెప్టెంబర్ దాకా 28 శాతం, ఇప్పుడు 18 శాతం. స్కూలు ఫీజుకు పన్ను లేదు, స్కూలు కొన్న బెంచీలకు ఉంది. పన్ను మినహాయింపు అంటే చివరి మెట్టు దగ్గర మాత్రమే మినహాయింపు, కింది మెట్లలో కట్టింది ధరలో దాక్కుని వస్తుంది. ఇది ఎంతో ఒక్కో సరుకుకు ఒక్కోలా ఉంటుంది, రైతు ధర వదులుకుంటే కొంత అతని మీదే పడుతుంది కూడా. అదే సర్వే ప్రకారం పల్లెల్లో ఇంటి ఖర్చులో తిండి వాటా 47 శాతం, పట్నాల్లో దాదాపు 40 శాతం. పేద ఇళ్లలో ఇంకా ఎక్కువ. కాబట్టి దాక్కున్న పన్ను బరువు కూడా వాళ్ల వైపే మొగ్గుతుంది. గార్డు ఇంటి అసలు భారం 4.5 శాతం కన్నా పైనే ఉంటుంది.

రేట్లు ఎంత ఆలోచించి పెట్టినా పేదవాడు కొనే తీరు వల్ల కూడా బరువు మారిపోతుంది. దీనికి మన ఊళ్లలో అందరికీ తెలిసిన ఉదాహరణ బియ్యం బస్తా. 2022 జూలై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పిండి, పప్పుల మీద 25 కిలోల దాకా 5 శాతం జీఎస్టీ వేశారు. ఆ పైన బరువుంటే లేదు. కొద్ది రోజుల్లోనే మన రైస్ మిల్లుల నుంచి 26 కిలోల బస్తాలు దిగాయి. ఏళ్ల తరబడి 25 కిలోలుగా ఉన్న బస్తా ఒక్క కిలో పెరిగి పన్ను తప్పించుకుంది. ఇప్పుడు 1,500 పెట్టి బస్తా ఎత్తుకెళ్లేవాడికి పన్ను లేదు. చేతిలో ఉన్న 350తో 5 కిలోల ప్యాకెట్ కొనేవాడు 17 రూపాయలు పన్ను కడతాడు. విడి బియ్యం కొంటే లేదు నిజమే, కానీ విడి బియ్యం అమ్మే కొట్లు నగరాల్లో తగ్గిపోతున్నాయి. ఈ నిబంధన రాసినవాళ్లు పెద్ద బస్తాను టోకు వ్యాపారం సరుకు అనుకున్నారు. ఆంధ్ర, తెలంగాణ ఇళ్లలో నెలకో బస్తా పడుతుందన్న సంగతి ఢిల్లీలో ఎవరికీ తట్టినట్టు లేదు.

2025 సెప్టెంబర్ రేట్ల కోతలోనూ ఇలాంటిదే జరిగింది. షాంపూ మీద 18 శాతం కాస్తా 5 శాతం అయింది. పెద్ద సీసా ధర తగ్గించి కొత్త స్టిక్కర్ వేయొచ్చు. రెండు రూపాయల సాషే ధర ఎంతకని తగ్గిస్తారు? 5 రూపాయల బిస్కెట్ ప్యాకెట్‌ను నాలుగున్నరకు అమ్మితే కొట్టువాడి దగ్గర చిల్లర ఉండదు. అందుకే చిన్న ప్యాకెట్లకు ధర ఉంచేసి గ్రాములు పెంచడం మీదికి కంపెనీలు మొగ్గాయి. నాలుగు గ్రాములు ఎక్కువ వచ్చిందో లేదో కొనేవాడు చూసుకోలేడు. సీసా కొనేవాడికి మాత్రం తగ్గింది బిల్లులోనే కనిపిస్తుంది.

పట్టీలో నేను కావాలనే పెట్టని వరుస ఇంకొకటి ఉంది, మద్యం. గార్డు అలవాటు ఉన్న మనిషై నెలకు 1,500 ఖర్చు పెడితే అందులో సగానికి పైగా రాష్ట్ర ప్రభుత్వానికే పోతుంది. అంటే నా లెక్కలోని 807 రూపాయలు రెట్టింపు దాకా వెళ్తాయి. తాగకపోతే కట్టక్కర్లేదు కదా అనొచ్చు. కానీ ఆ 1,500 తగ్గేది పిల్లల పాలలో, ఫీజులో, మందుల్లో. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాల మీద తిరగబడ్డప్పుడు వాళ్ల ఇళ్ల బడ్జెట్ లెక్క సర్కారు బడ్జెట్ లెక్కకు నేరుగా ఎదురు నిలిచింది. ఆ ఊపులోనే 1995లో ఉమ్మడి రాష్ట్రంలో మద్యనిషేధం వచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి ఖజానా తట్టుకోలేక 1997లో సడలించారు.

మన దగ్గర అమ్మకపు పన్ను పుట్టిందే ఈ మందు కథలోంచి. 1937లో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధానిగా రాజాజీ సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టారు. మరుసటి ఏడు దాన్ని మన చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించారు. కల్లు, సారా మీద వచ్చే ఎక్సైజ్ రాబడి పోయింది. ఆ గండిని పూడ్చడానికి 1939లో మద్రాసు సాధారణ అమ్మకపు పన్ను చట్టం తెచ్చారు. దేశంలో సాధారణ అమ్మకపు పన్నుకు అదే మొదలు. తాగే పేదవాడి మీద వేసిన పన్ను తీసి కొనే అందరి మీదా పరిచారన్నమాట, ఆ వరకు అది తిరోగామి తనాన్ని తగ్గించిన మార్పే. ఇవాళ రాష్ట్రాలు ఆ రెండు రాబడులనూ ఉంచుకున్నాయి.

ఉంచుకోకుండా ఉండే వీలూ వాటికి తక్కువే. జీఎస్టీ వచ్చాక రాష్ట్రం తన ఇష్టానికి రేటు మార్చుకోగలిగిన పెద్ద పన్నులు పెట్రోలు, డీజిల్, మద్యం, రిజిస్ట్రేషన్లు, బండ్ల పన్ను. అంతే. జీఎస్టీ వల్ల తగ్గిన రాబడికి రాష్ట్రాలకు కేంద్రం ఇచ్చిన నష్టపరిహారం 2022 జూన్‌తో ఆగిపోయింది. డబ్బు కావాల్సినప్పుడల్లా చెయ్యి పెట్రోలు మీదికీ మందు మీదికీ పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, దాని పైన లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, ఆపైన రోడ్ల పేరుతో ఒక రూపాయి సెస్. పెద్ద రైతుల వ్యవసాయ ఆదాయం మీద పన్ను వేసే అధికారం రాజ్యాంగం రాష్ట్రాలకే ఇచ్చింది. దాన్ని ముట్టుకునే పార్టీ మాత్రం రెండు రాష్ట్రాల్లోనూ లేదు. ఆ ఊసెత్తితే చిన్న రైతు మీద వేస్తున్నారని ఎదుటి పార్టీ ప్రచారం మొదలుపెడుతుందని అందరికీ తెలుసు.

మరి చేయాల్సింది ఏమిటి? ఇంకా సరుకుల మీద జీఎస్టీ తీసేయాలన్నది సులువుగా వచ్చే డిమాండు. దాని ఖరీదు చూడాలి. కూరగాయలు, పాలు, గుడ్ల మీద 5 శాతం వేయకపోవడం వల్ల గార్డు ఇంటికి 4 వేల మీద 200 రూపాయలు మిగులుతున్నాయి. సాఫ్ట్‌వేర్ ఇంటికి, పాలు కూరగాయలు పండ్లకు 15 వేలు పెడుతుందనుకుంటే, 750 రూపాయలు మిగులుతున్నాయి. పేద ఇంటికి 200 చేర్చడానికి ఉన్న ఇంటికి 750 వదిలేస్తున్నాం. అందరి దగ్గరా పన్ను తీసుకుని పేదవాళ్ల ఖాతాలో డబ్బు వేస్తే చవక అని పన్నుల నిపుణులు చెప్పేది ఇందుకే. కెనడా 1991లో జీఎస్టీ తెచ్చినప్పుడే ఆ పని చేసింది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు మూడు నెలలకోసారి జీఎస్టీ క్రెడిట్ పేరుతో ఖాతాలో డబ్బు పడేలా పెట్టింది. అక్కడ చదువుకున్న మన పిల్లల్లో చాలామంది ఆ డబ్బు అందుకున్నవాళ్లే.

కాగితం మీద ఇది మంచి పద్ధతి. మన దగ్గర పని చేయాలంటే ఎవరి ఆదాయం ఎంతో ప్రభుత్వానికి తెలియాలి. కెనడాలో పేదవాడు కూడా రిటర్ను దాఖలు చేస్తాడు. ఇక్కడ గార్డు ఏ రిటర్నూ వేయడు. మనకున్నది రేషన్ కార్డు. తెలంగాణలో ఏళ్ల తరబడి కొత్త కార్డులే ఇవ్వలేదు, పెళ్లై వేరుపడ్డ జంటలూ పుట్టిన పిల్లలూ లెక్కలోకి రాకుండా పోయారు. అలాంటి జాబితాను నమ్ముకుని టమాటా మీద పన్ను వేసి డబ్బు ఖాతాలో వేస్తామంటే, పన్ను అందరికీ పడుతుంది, డబ్బు కొందరికే చేరుతుంది. కాబట్టి తిండి మీది సున్నాను నేను కదిలించను. బియ్యం మీద ఉన్న 25 కిలోల గీతను తీసేసి ప్యాకెట్‌కూ సున్నా చేయడం, పురుగుమందును 18 నుంచి 5కు తేవడం, బట్టల పౌడర్‌ను ఒంటి సబ్బు పక్కన కూర్చోబెట్టడం, ఈ మూడూ జీఎస్టీ కౌన్సిల్ ఒక మీటింగులో చేయగల పనులు.

పెట్రోలు మాత్రం ఇంత తేలిక కాదు. లీటరుకు పది రూపాయలు తగ్గిస్తే గార్డుకు నెలకు తొంభై రూపాయల చిల్లర మిగులుతుంది, కారున్న ఇంటికి దానికి ఎనిమిది రెట్లు. రాష్ట్రానికి పడే గండిలో ఎక్కువ భాగం బండి పెద్దదైన వాళ్ల జేబులోకి వెళ్తుంది. అదే డబ్బు బస్సు మీద పెడితే లెక్క తిరగబడుతుంది. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం ఉంది. గార్డు భార్య పనికి పోయి రావడానికి రోజుకు 40 రూపాయల టికెట్ అయ్యేదనుకుంటే నెలకు 26 రోజులకు 1,040 మిగులుతుంది. ఆ ఇల్లు జీఎస్టీ రూపంలో, పెట్రోలు రూపంలో కట్టిన 807 కన్నా అది ఎక్కువ. ఈ పథకానికి ఆదాయ ధ్రువపత్రం అక్కర్లేదు, కారున్న ఇంటి ఆడవాళ్లు పొద్దున ఎనిమిదింటి సిటీ బస్సులో వేలాడటానికి ఎలాగూ రారు. కాకపోతే టికెట్ తీసేసినంత వేగంగా బస్సులు పెరగలేదు. స్టాపులో అరగంట నిలబడ్డా ఎక్కే సందు దొరకని రోజున ఆమె షేర్ ఆటో ఎక్కుతుంది, ఆ ఛార్జీలో మళ్లీ ఇంధనం మీది పన్ను ఉంటుంది. పెట్రోలు వ్యాట్ రాబడిలో కొంత భాగాన్ని చట్టం ద్వారా బస్సుల కొనుగోలుకే కట్టేయమని రెండు ప్రభుత్వాలనూ అడగాలి.